దినానికి ఎన్ని ఇళ్లు? సుగ్గి సర్వే బడ్జెట్ గురించి నాలుగు మాటలు
(మండల సమాఖ్య మహాజన సభలో సర్వే ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మీ చేతిలో ఉన్న కాగితంలో సర్వే బడ్జెట్ 2,66,720 రూపాయలని రాసి ఉంది. పొద్దున టీ తాగేటప్పుడే చాలామంది మమ్మల్ని నిలదీసినారు. "ఆరు వందల ఇళ్లకు పోయి నాలుగు ప్రశ్నలు అడిగి వచ్చేదానికి ఇంత దుడ్డా? ఆ దుడ్డుతో రెండు సంఘాలకు అప్పు ఇయ్యొచ్చు కదా" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఇది మన పొదుపు మీద వచ్చిన వడ్డీ డబ్బు, ఎవరో ఇచ్చిన గ్రాంటు కాదు. అందుకే ఒక్కో రూపాయి ఎందుకు పెట్టినామో చెప్పి, ఆ తర్వాతే చేతులెత్తమని అడుగుతాం.

సర్వే దేనికో ముందు ఒక్క మాట. దసరా, దీపావళి దాటితే మన ఊళ్లల్లో తాళాలు పడతాయి. పత్తికి, మిరపకాయలు తెంపేదానికి గుంటూరు దిక్కు కొందరు, తెలంగాణకు కొందరు, బెంగళూరుకు కొందరు పోతారు. పిల్లోళ్లు బడి మానేసి వెంట పోతారు. వాళ్ల కంతులు ఆగిపోతాయి. ఎన్ని ఇళ్ల నుంచి, ఎంతమంది, ఎన్ని దినాలు పోతున్నారు, పోయేముందు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు ఎంత తీసుకుంటున్నారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలిపెడుతున్నారు అని అడిగితే మన దగ్గర నోటిమాట తప్ప లెక్క లేదు. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టల్ అడగాలన్నా, సుగ్గికి పోయే ఇళ్లకు కంతు నెలలు మార్చాలన్నా ఆ లెక్క కావాల. అందుకే 12 ఊళ్లల్లో ఊరికి 50 ఇళ్లు చొప్పున మన సభ్యుల 600 ఇళ్లను అడగాలని పోయిన సమావేశంలో తీర్మానం చేసినాం.

ఇక బడ్జెట్. మేము మొదట వేసిన చిత్తు కాగితం మొత్తం లక్ష రూపాయలు కూడా దాటలేదు. అది చూసి సంతోషపడ్డాం. దాంట్లో ఫారానికి 80 రూపాయలు, 600 ఫారాలకు 48,000 అని రాసినాం. శిక్షణ ఒక దినం. ప్రయాణం వాళ్లే పెట్టుకుంటారు. డేటా క్లీనింగ్ అనే గడిలో సున్నా. తర్వాత నలుగురం ఒక ఊళ్లో రెండు దినాలు తిరిగి చూసినాం. అప్పుడు కానీ మా తప్పు మాకు కనపడలేదు. మేము ఎంత ఇయ్యాలనే కాడ మొదలుపెట్టినాం. మొదలుపెట్టాల్సింది ఒక ఆడమనిషి దినానికి ఎన్ని ఇళ్లు నిజంగా ముగించగలదు అనే కాడ.

మా ఫారం చదివి, జవాబు విని, నింపేదానికి 45 నిమిషాలు పట్టింది. కాగితం మీద లెక్కేస్తే ఎనిమిది గంటల్లో పది ఇళ్లు కావాల. కానీ మన ఇళ్లల్లో మనిషి దొరికే గంటలు ఎన్ని? పొద్దున ఏడున్నరకంతా కూలికి పోతారు. సాయంత్రం ఐదున్నరకు వస్తారు. వచ్చినాక నీళ్లు పట్టాల, వంట చేయాల. మధ్యాన్నం ఇంటికి పోతే అవ్వ ఉంటుంది, "మా కోడలికే తెలుసమ్మా" అంటుంది. కాబట్టి పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర, నడుమ దొరికినోళ్లు ఒకరిద్దరు. రెండు దినాలు నలుగురం తిరిగితే 41 ఫారాలు వచ్చినాయి. అంటే మనిషికి దినానికి ఐదు ఇళ్లు, కాస్త పైన. ఈ ఐదు అనే అంకెను గుర్తు పెట్టుకోండి. బడ్జెట్ అంతా దాని మీదనే నిలబడి ఉంది.

ఐదు ఇళ్లు, ఫారానికి 80 అంటే దినానికి 400. బస్సుకు, ఆటోకు 120 పోతే మిగిలేది 280. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి దినానికి 307 రూపాయలు. పదో తరగతి, ఇంటర్ చదివిన పిల్లను పిలిచి, పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిదిన్నర వరకూ తిప్పి, మట్టి పనికి వచ్చేదానికన్నా తక్కువ ఇస్తామంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? ఐదు కాదు, పది ఫారాలు చేస్తుంది. పది ఫారాలు ఎట్ల చేస్తుందో చెప్తాం వినండి. మన పిల్లలు చెడ్డోళ్లని కాదు, లెక్క వాళ్లను ఆ దారికి నెడుతుంది.

మన ఫారంలో ఏడో ప్రశ్న ఇది: "పోయిన దసరా నుంచి మీ ఇంట్లో ఎవరైనా సుగ్గికి పోయినారా?" అవునంటే ఇంకో 22 ప్రశ్నలు తెరుచుకుంటాయి. యాడికి పోయినారు, ఎన్ని దినాలు, జతకు ఎంత, కేజీకి ఎంత, అడ్వాన్సు ఎంత, పిల్లోళ్లు యాడ ఉన్నారు అని. లేదు అంటే ఆ 22 ప్రశ్నలూ మూసుకుపోతాయి, ఫారం పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఫారానికి ఇంత అని కూలి కట్టినప్పుడు "లేదు" అనే గడి మీద వేలు పెట్టేదానికి మనమే దుడ్డు ఇస్తున్నట్లు. ఒక్క ఇంట్లో జరిగితే ఏమీ కాదు. ఎనిమిది మందీ తలా కొన్ని ఇళ్లల్లో అట్ల చేస్తే, మన ఊళ్లల్లో సుగ్గి తగ్గిపోయింది అని మన సర్వేనే చెప్తుంది. ఆ కాగితం మనమే తీసుకుపోయి ఆఫీసులో పెట్టినాక, హాస్టల్ ఎందుకమ్మా అంటే ఏం జవాబు చెప్తాం?

అందుకే ఫారం కూలి తీసేసి దినకూలి పెట్టినాం. దినానికి 600. ఎనిమిది మంది ఎన్యూమరేటర్లు. 600 ఇళ్లను ఎనిమిది మందికి పంచితే తలా 75 ఇళ్లు, దినానికి ఐదు చొప్పున 15 దినాలు. దానికి మళ్లీ పోయే దినాలు మూడు కలిపినాం. మొత్తం 18 దినాలు, ఎనిమిది మందికి 144 పనిదినాలు, 86,400 రూపాయలు.

ఆ మూడు దినాల మీదే ఎక్కువ గొడవ అయింది, కాబట్టి కొంచెం నిలబడి చెప్తాం. తాళం ఉన్న ఇంటికి పోతే ఏం చేయాల? అందరికీ తోచేది పక్కింటికి పోవడమే. మేము కూడా మొదటి దినం అదే చేసినాం. కానీ తాళం పడిన ఇల్లు ఏ ఇల్లు? సుగ్గికి పోయిన ఇల్లు. తలుపు తెరిచి ఉన్న పక్కిల్లు ఏ ఇల్లు? పోని ఇల్లు. తాళం ఇంటి బదులు పక్కింటిని రాసుకున్న ప్రతిసారీ మనం వెతుక్కుంటూ పోయిన మనిషినే లెక్కలో నుంచి తీసేసినట్లు. అందుకని మా నియమం ఇది. జాబితాలో పేరు వచ్చిన ఇంటికి వేరే వేరే పూటల్లో మూడుసార్లు పోవాల. అప్పటికీ దొరక్కపోతే సంఘం పుస్తకంలో ఉన్న నంబరుకు ఫోన్ చేయాల. అదీ కాకపోతే ఆ ఇంటిని "తాళం" అనే రాసి, ఎప్పటి నుంచి వేసి ఉందో పక్కింటోళ్లను అడిగి రాసుకోవాల. ఇంకో ఇల్లు మాత్రం తీసుకోకూడదు. తాళం ఎన్ని ఇళ్లకు ఉందనేది కూడా మనకు ఒక జవాబే.

2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే ఒకే దినంలో చేసినారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ దినం సెలవు ఇచ్చినారు. ఇంట్లో మనిషి ఉండాలని చెప్పినందుకు బొంబాయి, సూరత్ నుంచి కూడా జనం బస్సులు, రైళ్లు ఎక్కి ఊళ్లకు వచ్చినారు. ప్రభుత్వం కాబట్టి జనాన్నే ఇంటికి రప్పించింది. మనం రప్పించలేం. మనమే వాళ్లు ఇంట్లో ఉండే కాలం చూసుకొని పోవాల. అందుకే సర్వేను ఉగాది దాటినాక, మిరప పని అయిపోయి జనం తిరిగి వచ్చే ఏప్రిల్ చివరి నుంచి మే నడుమకు పెట్టినాం. ఎండలు మండిపోతాయి, నిజమే. కానీ దసరా తర్వాత పెడితే చల్లగా తిరిగి తాళాలే చూసి వస్తాం.

ఆరు వందల ఇళ్లు ఎట్ల ఎంచుతారని పెద్దమర్రివీడు అక్క ఒకామె అడిగింది. గ్రామ సమాఖ్య సభ్యుల జాబితా తీసుకుంటాం. ఊళ్లో 400 ఇళ్లుంటే 50 కావాల కాబట్టి ప్రతి ఎనిమిదో ఇల్లు. మొదటి ఇల్లు ఒకటి నుంచి ఎనిమిది లోపల చీటీ తీసి పెట్టుకుంటాం. దీనికి ముందు జాబితాను సరిచేయాల. అత్త ఒక సంఘంలో, కోడలు ఇంకో సంఘంలో ఉంటే ఒకే పొయ్యి ఇల్లు రెండుసార్లు ఉంటుంది. ఊరు వదిలి పోయినోళ్ల పేరు ఇంకా ఉంటుంది. ఊరికి 500 చొప్పున 12 మంది వీఓఏలకు 6,000 దానికే. ఒకటి మాత్రం దాచం: సంఘంలో లేని ఇళ్లు ఈ సర్వేలో రావు. కాబట్టి రేపు వచ్చే అంకె మన సభ్యుల ఇళ్ల అంకె, మండలం అంకె కాదు.

ఇక ప్రయాణం. "ఏ ఊరి పిల్లను ఆ ఊళ్లోనే పెడితే బస్సు ఖర్చు ఉండదు కదా" అన్నారు. మేమూ అట్లే అనుకున్నాం. కానీ ఫారంలో అప్పుల ప్రశ్నలున్నాయి. మన వీధి పిల్ల, అదీ మన సంఘం లెక్కలు రాసే పిల్ల వచ్చి, "మేస్త్రీ దగ్గర ఎంత తీసుకున్నారు? బయట వడ్డీకి ఎంత తెచ్చినారు?" అంటే ఎవరు చెప్తారు? రేపు సంఘంలో అప్పు ఇయ్యరేమోనని దాస్తారు. అందుకే కులుమాల పిల్ల గంజిహళ్లికి, గంజిహళ్లి పిల్ల గాజులదిన్నెకు, ఇట్ల ఊరు మార్చి పంపుతాం. దినానికి 120 చొప్పున 144 దినాలకు 17,280. సూపర్‌వైజర్లు ఇద్దరూ సొంత బండి మీద తిరుగుతారు, పెట్రోలుకు దినానికి 250 చొప్పున 18 దినాలకు 9,000. శిక్షణకు వచ్చిపోయే చార్జీ 2,880. అన్నీ కలిపి 29,160. 120 అనేది సగటు. ఎమ్మిగనూరు, కర్నూలు రోడ్డు మీదున్న ఊళ్లకు అంత కాదు. అయ్యకొండ లాంటి కొండమీది ఊరు వస్తే ఆటో దిగి ఎక్కి పోవాల, ఆ దినం ఐదు ఇళ్లు కూడా కావు. ఇంకో మాట, చార్జీ దుడ్డు వారం ముందే చేతికి ఇయ్యాలని రాసినాం. పని అయినాక బిల్లు పెట్టుకోమంటే, చేతిలో చిల్లర లేని పిల్ల బస్సు దిగి దగ్గరున్న ఇళ్లనే చూసుకుంటుంది. ఊరి చివరి వాడకు పోదు. ఆ చివరి వాడ నుంచే సుగ్గికి ఎక్కువ పోయేది.

శిక్షణకు ఒక దినం చాలదా అన్నారు. నాలుగు దినాలు పెట్టినాం, దానికి 39,240 అవుతుంది. ఇందులో పెద్ద భాగం, 24,000, శిక్షణకు వచ్చే పది మందికి ఇచ్చే దినకూలి. నేర్చుకునే దినాలకు కూలి ఎందుకంటే, ఆ నాలుగు దినాలు వాళ్లు వేరే పని పోగొట్టుకుంటారు. మనకు కావాల్సింది ఎనిమిది మందే, పది మందిని పిలుస్తాం. నడుమలో ఒకరికి జ్వరమొచ్చినా, ఒకరికి పెళ్లి కుదిరినా తెలిసిన మనిషి చేతిలో ఉండాల. మిగతాది శిక్షణ ఇచ్చే ఆమెకు 6,000, భోజనాలకు 6,240, కాగితాలకు 3,000. హాలు మనదే.

నాలుగు దినాల్లో ఏముంటుందో ఒక్క ఉదాహరణ చెప్తే అర్థమవుతుంది. మేము ఫారంలో మొదట "మీ ఇంట్లో ఎవరైనా వలస వెళ్లారా?" అని రాసినాం, పుస్తకాల్లో ఉన్నట్లు. ఒక ఇంట్లో అడిగితే "లేదమ్మా, మేము యాడికీ వలస పోలేదు, ఊళ్లోనే ఉన్నాం" అన్నారు. కొంచెంసేపు మాట్లాడినాక తేలింది, మూడు నెలలు గుంటూరు పోయి వచ్చినారు. వాళ్ల దృష్టిలో వలస అంటే ఇల్లు వాకిలి అమ్ముకొని పోవడం. వీళ్లు పోయింది సుగ్గికి. ఒక్క మాట మార్చకపోయి ఉంటే ఆ ఇల్లు "లేదు"లో పడిపోయేది. ఇట్లాంటి మాటలు ఒక్కొక్కటి కూర్చొని తేల్చేదానికి మొదటి దినం పోతుంది. మన దిక్కు కన్నడం మాట్లాడే ఇళ్లు, ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. ఆ భాషల్లో ఏ మాట వాడాలో కూడా అప్పుడే తేల్చుకోవాల, లేకపోతే ఒక్కో పిల్ల ఒక్కో మాట వాడుతుంది. రెండో దినం ఒకరినొకరు అడిగి అలవాటు చేసుకోవడం. మూడో దినం ట్యాబ్. నాలుగో దినం మన 12 ఊళ్లల్లో లేని వేరే ఊరికి పోయి నిజంగా ఇళ్లు తిరగడం. ఆ దినం సాయంత్రమే ఎవరు ఎనిమిది మందిలో ఉంటారో తేలేది.

ట్యాబ్‌ల లెక్క తొందరగా చెప్పేస్తాం, ఇందులో పెద్ద చిక్కు లేదు. కొంటే ఒక్కోటి 12,000, పదకొండుకు 1,32,000. ఒక్క నెల పనికి కొని బీరువాలో పెడితే బ్యాటరీలు పాడైపోతాయి. అందుకే నెలకు 1,500 బాడుగకు తెస్తాం. ఎనిమిది మందికి, ఇద్దరు సూపర్‌వైజర్లకు, ఒకటి అదనం. 16,500. పవర్ బ్యాంకులు పదికి 9,000, నెట్ రీచార్జికి 3,000. మొత్తం 28,500. ఫారం పెట్టేదానికి ఓడీకే, కోబో అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. సిగ్నల్ లేని ఊళ్లో కూడా నింపుకోవచ్చు, సిగ్నల్ దొరికినాక పంపొచ్చు. మే ఎండలో ట్యాబ్ వేడెక్కి ఆగిపోతుంది, కాబట్టి అరుగు మీద నీడలో కూర్చొని అడగాలని శిక్షణలో చెప్తాం. ఇక పగిలితే? పిల్ల కూలిలో నుంచి కోయకూడదని మేము గట్టిగా రాసినాం. అట్ల కోస్తామంటే ట్యాబ్‌ను సంచిలో పెట్టుకొని, కాగితం మీద రాసుకొచ్చి, రాత్రి ఇంట్లో కూర్చొని ఎక్కిస్తారు. అప్పుడు ట్యాబ్ తెచ్చిన లాభమే పోతుంది. చివర్లో ఎదురుకాని ఖర్చు అని 12,700 పెట్టింది ఇట్లాంటిదానికే.

ట్యాబ్ తెచ్చిన లాభం ఏందో చెప్పాల కదా. ఫారం ఎప్పుడు తెరిచినారు, ఎప్పుడు మూసినారు అనేది అదే రాసుకుంటుంది. 45 నిమిషాల ఫారం 11 నిమిషాల్లో మూసుకుంటే మనకు తెలుస్తుంది. ఒకామె తెచ్చిన ఇళ్లల్లో సుగ్గి సగం ఇళ్లకు ఉండి, అదే ఊళ్లో ఇంకొకామె తెచ్చిన వాటిలో ఒక్కటీ లేకపోతే అదీ తెలుస్తుంది. కానీ ట్యాబ్ తనంతట తాను ఎవరికీ చెప్పదు. చూసే మనిషి ఉండాల. ఆ మనిషి ఖర్చే మా చిత్తు కాగితంలో సున్నా వేసిన గడి.

డేటా క్లీనింగ్‌కు 25,200 పెట్టినాం. సర్వే జరిగే 18 దినాలూ ప్రతి రాత్రి సగం దినం పని, పూటకు 600, అది 10,800. అయిపోయినాక 12 దినాలు, దినానికి 1,200, అది 14,400. సర్వే అంతా అయిపోయినాక ఒకేసారి చూసుకుందాం అంటే కుదరదు. మొదటి దినం చేసిన తప్పు మొదటి రాత్రే పట్టుకుంటే పిల్ల రెండో దినం అదే ఊళ్లో ఉంటుంది, వెనక్కి పోయి అడుగుతుంది. పద్దెనిమిది దినాలైనాక పట్టుకుంటే అదే తప్పు 75 ఇళ్లల్లో ఉంటుంది.

తప్పు అంటే ఎట్లుంటుంది? మేము తెచ్చిన 41 ఫారాల్లోదే చెప్తాం. వడ్డీ ఎంత అనే గడిలో కొన్నిట్లో 2 అని, కొన్నిట్లో 24 అని, కొన్నిట్లో 12 అని ఉంది. మీకందరికీ తెలుసు, బయట "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు. ఏడాదికి 24. బ్యాంకు వాళ్లు 12 అంటే ఏడాదికి. ఒక పిల్ల చెప్పింది చెప్పినట్లు 2 అని రాసింది, ఇంకో పిల్ల బుద్ధిగా పన్నెండుతో గుణించి 24 రాసింది. ఇద్దరూ తప్పు చేయలేదు. కానీ ఆ గడిని అట్లే కూడి సగటు తీస్తే, మేస్త్రీ అప్పు మన బ్యాంకు లింకేజీ కన్నా చౌక అని వస్తుంది! 50,000 అప్పుకు ఏడాదికి 12,000 వడ్డీ కట్టే ఇల్లు 1,000 కడుతున్నట్లు కనపడుతుంది. అందుకే ఇప్పుడు ఆ ప్రశ్నను రెండుగా విడగొట్టినాం: వడ్డీ ఎంత, అది నెలకా ఏడాదికా. కొన్ని తప్పులు ఇట్ల ఫారంలోనే ముందే మూసేయొచ్చు. ఎన్ని దినాలు పోయినారనే గడిలో 365 దాటి ఎక్కకుండా పెట్టొచ్చు. కానీ నాలుగు నెలలు అని చెప్తే 4 అని రాసేదాన్ని ట్యాబ్ ఆపలేదు. నాలుగు దినాలు కూడా నిజం కావొచ్చు కదా. అది మనిషి చూసి, ఆ ఇంటికి ఫోన్ చేసి అడగాల్సిందే.

క్లీన్ చేసే ఆమెకు మూడు షరతులు పెట్టినాం. మొదట వచ్చిన డేటాను ముట్టుకోకుండా ఒక కాపీ పక్కన పెట్టాల. ఏ అంకె మార్చినా, ఏది ఎందుకు మార్చింది, ఎవరిని అడిగింది అనేది వేరే పట్టీలో రాయాల. అడిగినా తేలకపోతే తనకు తోచింది రాయకుండా ఖాళీ వదలాల. మన బుక్‌కీపర్లకు ఇది కొత్త కాదు. పుస్తకంలో కొట్టేసిన చోట సంతకం పెట్టించుకోవడం మనకు అలవాటే.

దీంతోపాటు తిరిగి చూసే పని ఉంది. 600లో 60 ఇళ్లకు వేరే మనిషి పోయి ఏడెనిమిది ప్రశ్నలు మళ్లీ అడిగి సరిపోల్చుకుంటుంది. చిన్న ఫారం కాబట్టి దినానికి పది ఇళ్లు, ఆరు దినాలు. కూలి, చార్జీ కలిపి 4,320. ఏ ఇళ్లో ఎన్యూమరేటర్లకు ముందు తెలియదు. కానీ చూస్తామని మాత్రం శిక్షణలోనే చెప్తాం, దాచిపెట్టి పట్టుకోవాలని కాదు. సూపర్‌వైజర్లు ఇద్దరికీ శిక్షణ నాలుగు, సర్వే 18, మొత్తం 22 దినాలు, 800 చొప్పున 35,200.

కూడితే 2,54,020. ఎదురుకాని ఖర్చు నూటికి ఐదు కలిపితే 2,66,720. ఇంటికి దాదాపు 445 రూపాయలు.

ఇప్పుడు కోత సంగతి. కోశాధికారి అక్క 50 వేలు తగ్గించమన్నారు. ఆమె పని ఆమె చేసినారు. యాడ తగ్గించాలని మేము కూర్చొని చూసినాం. క్లీనింగ్, తిరిగి చూసేది, శిక్షణలో రెండు దినాలు తీసేస్తే 50 వేలకు దగ్గరగా వస్తుంది. కాగితం మీద 600 ఇళ్లు అట్లే ఉంటాయి, చూసేదానికి బాగుంటుంది. కానీ ఆ 600లో ఎన్ని నిజమో మనకు తెలిసే దారి ఉండదు. ఇంకో దారి ఉంది. ఇళ్లనే 400కు తగ్గించడం, ఊరికి 33 లేదా 34. అప్పుడు ఎన్యూమరేటర్ల దినాలు 18 నుంచి 12కు దిగుతాయి. వాళ్ల కూలిలో 28,800, చార్జీలో 5,760, సూపర్‌వైజర్లవి 12,600, రాత్రి చూసే పని 3,600, తిరిగి చూసేదాంట్లో 1,440 తగ్గుతాయి. అన్నీ కలిపి 52,200. శిక్షణ, ట్యాబ్‌లు అట్లే ఉంటాయి, ఇళ్లు తగ్గినా అవి తగ్గవు.

పోయేదేంది? 600 ఇళ్లల్లో సగం ఇళ్లు సుగ్గికి పోతాయని తేలిందనుకోండి, అసలు అంకె దానికి నాలుగు పాళ్లు అటో ఇటో ఉండొచ్చు. 400 ఇళ్లయితే ఐదు పాళ్లు అటో ఇటో. ఒకే ఊళ్లో ఇళ్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి కాబట్టి నిజంగా తేడా ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. కానీ నూటికి 46 అన్నా 54 అన్నా మనం అడగబోయే హాస్టల్, మార్చబోయే కంతు నెలలు అవే. 400 ఇళ్లకు పోయేదొక్కటే, ఊరూరికీ వేరేగా లెక్క చెప్పలేం. 34 ఇళ్లను చూసి కులుమాల ఇట్లుంది, గాజులదిన్నె అట్లుంది అనకూడదు. నిజానికి 50తో కూడా అది కష్టమే.

కాబట్టి సభ ముందు రెండే పెడుతున్నాం. 600 ఇళ్లు పూర్తి బడ్జెట్‌తో, లేదా 400 ఇళ్లు 52,200 తగ్గించి. శిక్షణ, క్లీనింగ్ గడుల్లో కోత పెట్టే మూడో తీర్మానం వద్దని ఉపసంఘం కోరుతుంది. మాలో నలుగురు 600 అన్నారు, ముగ్గురు 400 చాలన్నారు. ఆ తేడా మేము తేల్చుకోలేక మీ ముందుకు తెచ్చినాం.

ఎన్యూమరేటర్లకు అర్జీలు వీఓఏల దగ్గర ఇయ్యొచ్చు. పది పాసై, తెలుగు బాగా చదవగలిగి, సాయంత్రం ఎనిమిదిన్నర దాకా వేరే ఊళ్లో ఉండేదానికి ఇంట్లో ఒప్పుకున్నోళ్లు రావాల. కన్నడం కానీ ఉర్దూ కానీ వచ్చినోళ్లు అది అర్జీలో పైనే రాయండి. రాత్రిపూట తిరిగి వచ్చే పిల్లలను సూపర్‌వైజర్ బండి మీద బస్సు దాకా దింపాలనేది కూడా నియమాల్లో చేర్చినాం. నిన్న రాత్రి ఒక తల్లి అడిగితే గుర్తొచ్చింది, మీ కాగితంలో అది లేదు, పెన్నుతో రాసుకోండి.